క్లాస్‌రూమ్ వీడియో అనలైజ్ చేస్తున్నారా? ముఖాలు బ్లర్ చేస్తే సరిపోదు

ఫోన్‌లో తీసిన ఒక క్లాస్ వీడియో, ఫ్రీగా దొరికే ఒక పోజ్ డిటెక్షన్ మోడల్ ఉంటే చాలు, ఎవరు ఎన్నిసార్లు చెయ్యెత్తారో లెక్కపెట్టే ప్రాజెక్ట్ రెడీ అయిపోతుంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2023లోనే ఫేస్ రికగ్నిషన్‌తో విద్యార్థుల హాజరు మొదలైంది కాబట్టి ఇదేమీ వింతగా అనిపించదు. చిక్కంతా పర్మిషన్ దగ్గరే వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కల్వకుర్తిలో ఒక బడి, 30 మంది పిల్లలున్న ఏడో తరగతి అనుకోండి. మీరు పది నిమిషాల వీడియో తీయాలి. 28 మంది తల్లిదండ్రులు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఇప్పుడేం చేస్తారు?

"ఆ ఇద్దర్నీ బ్లర్ చేస్తా" అంటే?

చాలామంది చెప్పే జవాబు ఇదే. కానీ ఆ ఇద్దరు ఎవరో సాఫ్ట్‌వేర్‌కి తెలియాలంటే, ముందు వాళ్ల ముఖాల్ని గుర్తుపట్టాలి. అంటే 30 మంది ముఖాల్నీ నంబర్లుగా మార్చి పోల్చాలి. వద్దన్నవాళ్లని దాచడానికి వాళ్లు వద్దన్న పనే చేయాల్సి వస్తుంది.

పోనీ అందర్నీ బ్లర్ చేద్దామా? ఇది కొంచెం మేలే, కానీ లెక్క చూడండి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున పది నిమిషాలకు 15,000 ఫ్రేములు. ఒక అమ్మాయి ముఖాన్ని డిటెక్టర్ 1 శాతం ఫ్రేముల్లో మిస్ అయినా 150 ఫ్రేములు, అంటే మొత్తం 6 సెకన్లు ముఖం బయటే ఉంటుంది. పాజ్ కొట్టడానికి ఒక్క ఫ్రేము చాలు. పిల్లలు పక్కకి తిరిగినప్పుడు, చెయ్యి అడ్డొచ్చినప్పుడు, వెనక బెంచీలో ముఖం చిన్నగా పడినప్పుడు ఈ మిస్‌లు ఎక్కువ. ముఖం దాగినా టీచర్ పేరు పెట్టి పిలిచేది ఆడియోలో వినిపిస్తుంది. ఎవరు ఏ బెంచీలో కూర్చుంటారో ఆ ఊళ్లో వాళ్లకి ఎలాగూ తెలుసు.

అందుకే పరిష్కారం ఎడిటింగ్‌లో కాదు, షూటింగ్‌లోనే ఉంది. ఆ ఇద్దరూ కూర్చునే వైపు ఫ్రేములోకి రాకుండా కెమెరా పెట్టండి. వాళ్ల పాఠం పోకూడదు, వాళ్లని విడిగా కూర్చోబెట్టినట్టూ కనిపించకూడదు.

సంతకం పెట్టారు కదా?

స్వీడన్‌లోని షెలెఫ్టియో పట్టణంలో ఒక స్కూలు 22 మంది విద్యార్థుల హాజరును మూడు వారాలు ఫేస్ రికగ్నిషన్‌తో తీసి చూసింది. పర్మిషన్ తీసుకునే చేశామని చెప్పింది. అయినా 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనర్ల జరిమానా వేసింది. విద్యార్థులు స్కూలు మీద ఆధారపడి ఉంటారు కాబట్టి ఆ ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదని తేల్చింది.

మన దగ్గరా అంతే. సార్ ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకు రమ్మంటే, వద్దనే తండ్రి ఎంతమంది? అందుకే ఫారం తెలుగులో ఉండాలి, వద్దంటే ఏ నష్టమూ లేదని అందులోనే రాయాలి. వీడియో తీయడం, సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించడం, బయటివాళ్లకి చూపించడం మూడు వేరు వేరు ప్రశ్నలు. మూడింటికీ మూడు గళ్లు పెట్టండి. తల్లిదండ్రులు ఒప్పుకున్నా, పిల్లాడు ఆ రోజు కెమెరా ముందు వద్దంటే అదే ఫైనల్.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటాకి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన ఒప్పుకోలు కావాలి, ప్రవర్తనను గమనించే ట్రాకింగ్ చేయకూడదు. దీన్ని మీరితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. 2025 నవంబరులో వచ్చిన రూల్స్ ప్రకారం ఈ బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చదువు, భద్రత కోసం విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఉంది. అది బడికి ఇచ్చింది, ఆ వీడియోని ఇంటికి తీసుకెళ్లి ప్రాజెక్ట్ చేసుకునే మనకు కాదు.

ఫోన్ దగ్గర చేయాల్సినవి

షూట్ చేసే ముందే గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆఫ్ చేయండి. లేకపోతే మీరు బ్లర్ చేసేలోపే ఒరిజినల్ క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది. ల్యాప్‌టాప్‌లోకి తెచ్చాక ఆడియోని, లొకేషన్ లాంటి వివరాల్ని తీసేయండి:

```
ffmpeg -i in.mp4 -map_metadata -1 -an -c:v copy out.mp4
```

తర్వాత `exiftool out.mp4` రన్ చేసి, జీపీఎస్ లైన్లు మిగిలాయేమో చూడండి. విశ్లేషణ ల్యాప్‌టాప్‌లోనే నడపండి, ఆన్‌లైన్ టూల్‌కి అప్‌లోడ్ చేయొద్దు. మీకు కావాల్సింది చేతులు ఎత్తిన లెక్కే అయితే, ఆ లెక్క రాగానే రెండు వీడియో ఫైళ్లూ ఫోన్ నుంచి, ల్యాప్‌టాప్ నుంచి, ట్రాష్ ఫోల్డర్ల నుంచి డిలీట్ చేయండి.

డిలీట్ చేసే తేదీని ఫారంలోనే రాయండి. ఆ తేదీ లోపు ఏ అమ్మ అయినా "మా పాపది తీసేయండి" అంటే తీసేయగలగాలి. పేర్లు లేని మొత్తం లెక్కలోంచి ఒక్కరిని విడిగా తీయడం కుదరదు. ఆ సంగతి కూడా సంతకానికి ముందే చెప్పాలి.