కళ్లం లెక్కతో కంపెనీ పరిచయం: పెట్టుబడి అడిగేవారి ప్రశ్నలు

సంజామల, కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడిలో రబీ పంటంటే ముందు గుర్తొచ్చేది శనగ. ఆ పంట మీద నడిచే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. ట్రాలీ మీద శుద్ధి యంత్రం కళ్లం దగ్గరికే తీసుకెళ్లి మట్టిబెడ్డలు, పొల్లు, పుచ్చు గింజలు తీసేస్తుంది. క్వింటాలుకు 80 రూపాయలు తీసుకుంటుంది. కింద వచ్చే అంకెలన్నీ ఈ ఊహా కంపెనీవే. చట్టం, పథకాల వివరాలు మాత్రం నిజమైనవి.

పెట్టుబడిదారుకు మేం ఇలా రాశాం: "భారత వ్యవసాయంలో విప్లవం తెస్తున్న తొలి డిజిటల్ వేదిక. వేలాది రైతుల నమ్మకం. లక్షల కోట్ల మార్కెట్." ఇందులో తప్పేముంది?

ఇది చదివాక కూడా మీరు శనగలు శుభ్రం చేస్తారని ఎవరికీ తెలియదు. "తొలి" అన్నారంటే మీకంటే ముందు ఈ పని ఎవరూ చేయలేదని మీరే రుజువు చూపాలి. "వేలాది" అన్నారు, మీ రసీదు పుస్తకంలో ఉన్నది 67 మంది. "విప్లవం" అన్న మాట నిజమో కాదో తేల్చడానికి కొలతే లేదు. అడిగితే కాగితం చూపించగలిగిన వాక్యాలను ఉంచి మిగతావి తీసేయండి.

మరి ట్రాక్షన్ కింద ఏం రాయాలి?

డబ్బు ఇచ్చినవాళ్ల లెక్క రాయండి. మన కంపెనీకి మొదటి సీజన్‌లో 18 మంది రైతులు, 940 క్వింటాళ్లు. రెండో సీజన్‌లో 67 మంది, 3,150 క్వింటాళ్లు. మొదటి ఏడాది 18 మందిలో 14 మంది రెండో ఏడాది మళ్లీ పిలిచారు. నా దృష్టిలో ఈ పేరా మొత్తానికి బలం ఆ 14లోనే ఉంది. ఒకసారి కొత్త మీద మోజుతో పిలిచినవాళ్లు ఉంటారు, రెండోసారి మాత్రం పని నచ్చితేనే పిలుస్తారు. యాప్ దించుకున్నవాళ్లు, సదస్సులో పేరు రాసుకున్నవాళ్లు, సంతకం చేసిన ఒప్పంద పత్రాలు ఈ లెక్కలోకి రావు.

ఎక్కువమంది తడబడేది రాబడి దగ్గర. 3,150 క్వింటాళ్ల శనగలు మీ యంత్రంలోంచి వెళ్లాయి. క్వింటాలు 5,000 రూపాయలనుకున్నా ఆ సరుకు విలువ కోటీ 57 లక్షల 50 వేలు. దాన్ని "మా వ్యాపారం" అని రాస్తారు. ఆ సరుకు రైతుది. మీకు వచ్చింది 2,52,000 రూపాయలు. సరుకు విలువ చెప్పాలనిపిస్తే పక్కనే మీ రాబడి కూడా ఉండాలి. కంపెనీల రిజిస్ట్రార్‌కు మీరు ఏటా దాఖలు చేసే లెక్కలను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. రెండు అంకెలూ కలవకపోతే మీ మీద నమ్మకం అక్కడే పోతుంది.

మార్కెట్ ఎంత పెద్దదో ఎలా తేల్చాలి?

దేశం మొత్తం శనగ పంట విలువలో "ఒక్క శాతం మాకు దక్కినా" అని మొదలుపెట్టకండి. మీ ట్రాలీ వెళ్లగలిగిన ఊళ్ల నుంచి లెక్క కట్టండి. ఏ గ్రామంలో ఎన్ని ఎకరాల్లో శనగ వేశారో ఈ-పంట నమోదులో ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో గానీ మండల వ్యవసాయాధికారి దగ్గర గానీ మొత్తం విస్తీర్ణం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. రైతుల పేర్లు అక్కర్లేదు, ఊరివారీ ఎకరాలు చాలు.

మన కంపెనీ తిరిగే ఊళ్లలో 10,000 ఎకరాలు ఉన్నాయనుకుందాం. ఎకరాకు 6 క్వింటాళ్ల చొప్పున 60,000 క్వింటాళ్లు, 80 రూపాయల చొప్పున 48 లక్షలు. కానీ అందరూ చేయించుకోరు. రెండో సీజన్‌లో 201 మందిని అడిగితే 67 మంది ఒప్పుకున్నారు, అంటే మూడో వంతు. కాబట్టి చేతికందే మార్కెట్ ఏడాదికి 20,000 క్వింటాళ్లు, 16 లక్షల రూపాయలు.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. యంత్రం రోజుకు 100 క్వింటాళ్లు పడుతుంది, కోతల కాలం 50 రోజులు. అంటే ఒక యంత్రానికి సీజన్‌లో 5,000 క్వింటాళ్లు. మొత్తం మార్కెట్‌కు నాలుగు యంత్రాలు సరిపోతాయి. ఐదోది కొంటే ఖాళీగా నిలబడుతుంది. ఇంత వివరంగా చెప్పినవాడిని పెట్టుబడిదారు తేలిగ్గా తీసుకోడు.

ఇంత చిన్న లెక్క చూపిస్తే ఎవరు డబ్బు పెడతారు?

బహుశా వెంచర్ ఫండ్ పెట్టదు. ఆ విషయం ముందే తేలడం మీకే మంచిది. క్వింటాలుకు ఖర్చు సుమారు 54 రూపాయలు, మిగిలేది 26. నిండా పనిచేసిన యంత్రం సీజన్‌కు 1,30,000 మిగిల్చితే, 6 లక్షల యంత్రం ధర తిరిగి రావడానికి నాలుగున్నర ఏళ్లు దాటుతుంది. ఇది బ్యాంకు అప్పుకు తగిన వ్యాపారం. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద గ్రేడింగ్ యూనిట్లకు తీసుకునే రుణంపై, 2 కోట్ల వరకు, వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. వాటా అమ్మాల్సిన అవసరమే లేకపోవచ్చు.

కాస్త పెంచి రాస్తే చట్టం ఏమంటుంది?

కంపెనీల చట్టం, 2013లోని 36వ సెక్షన్ చదవండి. షేర్లు కొనేలా చేయడానికి అబద్ధపు, మోసపూరిత లేదా తప్పుదోవ పట్టించే మాట తెలిసి చెప్పినా, నిజమో కాదో పట్టించుకోకుండా చెప్పినా, ముఖ్యమైన విషయం కావాలని దాచినా, 447వ సెక్షన్ కింద మోసానికి ఉన్న శిక్ష పడవచ్చు. అందులో పదేళ్ల వరకు జైలు ఉంది. 36వ సెక్షన్ హామీలనూ అంచనాలనూ కూడా పేరు పెట్టి చెప్పింది. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, తప్పుడు మాట నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు సాధారణంగా అవతలివారికి ఉంటుంది.

సత్యం కంప్యూటర్స్ అప్పట్లో స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీ, నిజమే. కానీ 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ చిన్న కంపెనీకీ పనికొచ్చే సంగతి చెబుతుంది. ఒక త్రైమాసికంలో 2,700 కోట్ల రాబడి చూపించారు, అసలు 2,112 కోట్లు. మొదట కొద్దిపాటి తేడాగానే మొదలై ఏళ్లతో పెరిగిందని ఆయనే రాశారు. 67ను ఈ ఏడాది 200 అని రాస్తే, వచ్చే ఏడాది నిజంగా 120 మంది వచ్చినా మీ కాగితం మీద వ్యాపారం పడిపోయినట్టే. దాన్ని కప్పడానికి మళ్లీ పెంచాలి.

రాబోయే ఏళ్ల అంచనాలు రాయకూడదా?

రాయవచ్చు. ప్రతి అంచనా పక్కన అది ఏ ఆధారం మీద నిలబడిందో ఉండాలి. వానలు లేక శనగ విస్తీర్ణం తగ్గితే ఏమవుతుందో కూడా చెప్పాలి.

ఈ పరిచయాన్ని ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి షేర్లు అమ్మవచ్చా?

కూడదు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కు బహిరంగ ప్రచారం పనికిరాదు. ముందే గుర్తించినవారికి పేరుపేరునా పీఏఎస్-4 ఆఫర్ లేఖ ఇవ్వాలి. ఒక్కో రకం షేర్లకు ఆర్థిక సంవత్సరంలో 200 మందిని మించకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, నగదు తీసుకోకూడదు. అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ పడుతుంది.

స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉంది. "ప్రభుత్వం ఆమోదించిన కంపెనీ" అనవచ్చా?

అనకండి. ఆ గుర్తింపు మీ యంత్రానికీ, మీ లాభాలకూ పూచీ కాదు. "డీపీఐఐటీ గుర్తింపు పొందిన స్టార్టప్" అని ఉన్నదున్నట్టు రాయండి.

పెంచి రాసినవన్నీ తీసేశాక పరిచయం పేరా ఎలా ఉంటుంది?

"సంజామల, కోయిలకుంట్ల మండలాల్లో శనగను కళ్లం దగ్గరే శుద్ధి చేసి క్వింటాలుకు 80 రూపాయలు తీసుకుంటాం. రెండో సీజన్‌లో 67 మంది రైతుల 3,150 క్వింటాళ్లు శుద్ధి చేశాం. రాబడి 2,52,000, నడిపిన ఖర్చు సుమారు 1,70,000. యంత్రం ధర 6 లక్షలు, అది ఈ ఖర్చులో లేదు. మొదటి ఏడాది 18 మందిలో 14 మంది తిరిగి వచ్చారు. ప్రస్తుత ఊళ్లలో చేతికందే మార్కెట్ ఏడాదికి 16 లక్షలని మా అంచనా. దానికి నాలుగు యంత్రాలు కావాలి, ఒకటి ఉంది. మిగతా మూడింటికి 18 లక్షలు అడుగుతున్నాం."