పరిచయం అరనిమిషం, పని సీజనంతా
(చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసిన ఒక పెద్దాయన అనుభవ పాఠాలు)

బోధన్ ప్రాంతంలో చక్కెర పని ఊళ్లనే కట్టింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక శక్కర్‌నగర్ వెలిసింది. ఈ పనిలో సీజన్ మొదలయ్యే ముందు ఏటా కొత్త ముఖాలు కనిపిస్తాయి. డిపార్ట్‌మెంట్ మీటింగులో కొత్త మనిషిని పరిచయం చేయడం పెద్ద సంగతి కాదనుకుంటాం. కానీ అక్కడ చెప్పకుండా వదిలేసిన మాటకు రాత్రి షిఫ్టులో లెక్క చెప్పుకోవాల్సి వస్తుంది.

1. పరిచయం కొత్తవారి కోసం కాదు, పాతవారి కోసం.
కొత్తగా చేరిన షిఫ్ట్ కెమిస్టుకు తన చదువు, అనుభవం తెలుసు. తెలియాల్సింది ఎదురుగా కూర్చున్నవాళ్లకు: రేపటి నుంచి నా పనిలో ఏం మారుతుంది, ఎవరి మాట వినాలి? రసం శుద్ధి చేసేచోట సున్నం, గంధకపు పొగ కలిపాక రసం ఆమ్లానికీ క్షారానికీ మధ్యన, పీహెచ్ 7 దగ్గర నిలవాలి. తగ్గితే చక్కెర విరిగిపోయి నష్టం, పెరిగితే రసం రంగు ముదురుతుంది. అది నిలబెట్టడానికి సున్నం పాలు పెంచమనే అధికారం ఎవరిదో లీడరు నలుగురిలో చెప్పాలి. ఒక ఫ్యాక్టరీలో ఈ మాట చెప్పలేదు. కొత్త కెమిస్టు సున్నం పెంచమంటే, స్టేషన్ మీద ఉన్న పాత మనిషి "పెద్దసార్‌ని అడిగి చేస్తా" అన్నాడు. పెద్దసార్ ఇంట్లో నిద్రలో ఉన్నారు. తెల్లారేదాకా పీహెచ్ తక్కువగానే నడిచింది. మొండితనమని ఆ పాత మనిషిని తిట్టారు గానీ, ఆయనకు ఎవరూ చెప్పలేదన్నదే అసలు సంగతి.

2. పొగడ్త తగ్గించండి.
"వీరు వచ్చారు, ఇక మన రికవరీ పెరుగుతుంది" అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ పాన్‌ల మీద ఏళ్లుగా చక్కెర వండుతున్నవాళ్లకు అది "ఇన్నాళ్లూ మీకు చేతకాలేదు" అన్నట్టు వినపడుతుంది. పైగా రికవరీ ఒక్క కెమిస్టు చేతిలో లేదు. చెరకు నరికాక యార్డులో ఎండిపోతే గడలోని చక్కెర అక్కడే తగ్గిపోతుంది. ఆ తప్పు ల్యాబు సరిదిద్దలేదు. చేసిన పని మాత్రం చెప్పండి, చేయబోయే అద్భుతాలు వద్దు.

3. చెప్పకూడనివి ముందే పక్కన పెట్టండి.
మా వైపు కొత్త మనిషిని చూడగానే "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ఎవరి బంధువో, ఎవరు సిఫార్సు చేశారో, జీతమెంతో లీడరు నోట రాకూడదు. ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో కూడా అనవసరం. 2002లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లడం, 2015 చివర్లో మూతపడటం చూసిన ఊరిది. ఇక్కడ ఖాళీ కుర్చీ వెనక ఒక ఇంటి కథ ఉంటుంది. మీటింగుకు ముందు కొత్తవారిని పక్కకు పిలిచి, పేరు ఎలా పలకాలి, గత ఉద్యోగం గురించి ఏం చెప్పొచ్చు అని అడిగితే సగం చిక్కులు తీరిపోతాయి.

4. మాటలు ఇంతే చాలు.
పేరు చెప్పాక నేను ఈ తీరున చెప్పేవాణ్ని: "వీరు మన ల్యాబులో షిఫ్ట్ కెమిస్టుగా చేరారు. ఇంతకుముందు మహారాష్ట్రలో ఒక ఫ్యాక్టరీలో రసం శుద్ధి చూశారు. వచ్చే సోమవారం దాకా పగటి షిఫ్టులో నాతో ఉంటారు. ఆ తర్వాత రాత్రి షిఫ్టు వీరిది. సున్నం పెంచాలన్నా తగ్గించాలన్నా రాత్రిపూట వీరి మాటే నా మాట. మిల్లు ఆపాల్సిన పరిస్థితి వస్తే మాత్రం నాకు ఫోన్ చేయండి. మన శాంపిళ్లు ఎక్కడెక్కడ తీస్తామో ల్యాబ్ అసిస్టెంట్ భాయ్ చూపిస్తారు." అరనిమిషం పట్టే ఈ మాటల్లో పని, తేదీ, అధికారం, దాని హద్దు, తోడుండే మనిషి అన్నీ వచ్చేశాయి. తర్వాత "మీరూ రెండు ముక్కలు మాట్లాడండి" అని హఠాత్తుగా నిలబెట్టకండి. మాట్లాడాలంటే ముందే చెప్పి ఉంచండి.

5. మీటింగు మొదట్లో చెప్పండి, రానివాళ్లకు మళ్లీ చెప్పండి.
చివర్లో చెబితే సగంమంది లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు. నిన్నటి క్రషింగ్, ఆగిన గంటల లెక్క మొదలుకాక ముందే చెబితే, ఆ చర్చలో ఎవరు ఏ పని చూస్తారో కొత్తవారికీ తెలిసిపోతుంది. మూడు షిఫ్టుల పనిలో అందరూ ఒక మీటింగులో ఎన్నడూ ఉండరు. రాత్రి పనిచేసి ఇంటికెళ్లి పడుకున్నవాళ్లే రేపు ఆ కెమిస్టు చేతికింద ఉండేవాళ్లు. అందుకే షిఫ్టు మారే వేళ లీడరు స్వయంగా వెళ్లి అవే మాటలు అక్కడ చెప్పాలి. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినపడే ఊరు మనది. సున్నం దగ్గరి మనిషికి ఏ భాష బాగా వస్తే ఆ భాషలో చెప్పాలి. తర్వాత షిఫ్టు లాగ్‌బుక్కులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. అర్ధరాత్రి ఎవరైనా "మాకు చెప్పలేదు" అంటే, పుస్తకం తీసి చూపించొచ్చు.