మెయిల్లో ‘ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’ తీసేస్తే ఏం మిగులుతుంది?

‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...’ అనే మాటలు వినగానే తర్వాతి వాక్యం నోటికి రాని వాళ్లు తెలుగు రాష్ట్రాల్లో తక్కువ. ఆరో తరగతిలో బట్టీ పట్టిన లీవ్ లెటర్ అది. జ్వరం వచ్చినా, పెళ్లికి వెళ్లినా, అమ్మమ్మ ఊళ్లో రెండు రోజులు ఎక్కువున్నా అదే ఉత్తరం. కారణం ఒక్కటి మార్చి, కింద ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అని సంతకం పెడితే పని అయిపోయేది. టీచరు కూడా దాన్ని చదివేవారు కాదు, అందిందని టిక్కు పెట్టేవారు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం రాసే మొదటి మెయిల్లోనూ ఆ ఉత్తరం అచ్చులే కనిపిస్తాయి. తేడా ఏమిటంటే ఇక్కడ చదివే మనిషికి టిక్కు పెట్టాల్సిన అవసరం లేదు. నచ్చకపోతే కిందున్న మెయిల్‌కి వెళ్లిపోతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నరసరావుపేటలో బీకాం పూర్తిచేసిన అమ్మాయి. విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే సంస్థ ఒకటి అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ప్రకటించింది. టాలీ వచ్చి ఉండాలి, జీఎస్టీ రికన్సిలియేషన్ తెలిసి ఉండాలి అని అందులో ఉంది. ఆమె రాసుకున్న ముసాయిదా ఇలా సాగింది: సబ్జెక్టులో ‘అప్లికేషన్ ఫర్ జాబ్’. తర్వాత ‘రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే. ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్.’ ఆ తర్వాత ‘యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’లో పనిచేయడానికి ‘కీన్ ఇంట్రెస్ట్’ ఉందని ఒక వాక్యం. తాను ‘హార్డ్‌వర్కింగ్, డైనమిక్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్’ అని ఇంకొకటి. తన నైపుణ్యాలు సంస్థ అవసరాలకు సరిగ్గా సరిపోతాయన్న నమ్మకం ఉందని మరొకటి. చివర ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’, ‘థాంకింగ్ యూ’, ‘యువర్స్ ఒబీడియంట్లీ’.

వ్యాకరణంలో తప్పు లేదు, మర్యాదకు లోటు లేదు. కానీ కింద ఆమె పేరు తీసేసి క్లాసులో పక్క బెంచీ అమ్మాయి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. పరీక్ష ఇదే. ఏ వాక్యం కిందైనా ఇంకొకరు నిశ్చింతగా సంతకం పెట్టగలిగితే ఆ వాక్యం రాసినవాళ్లది కాదు.

మొదటి నష్టం మెయిల్ తెరవకముందే జరుగుతుంది. జీమెయిల్ ఇన్‌బాక్స్‌లో ఒక్కో మెయిల్‌కి ఒక్కో వరుస ఉంటుంది. పంపినవారి పేరు, సబ్జెక్టు, దాని పక్కనే మెయిల్లోని మొదటి కొన్ని మాటలు అందులో కనిపిస్తాయి. ఫోన్లో అయితే ఆ చోటు ఇంకా చిన్నది. ఈ అమ్మాయి మెయిల్ విషయంలో ఆ చోటంతా ‘గ్రీటింగ్స్ ఆఫ్ ద డే’, ‘ఫైండ్స్ యూ వెల్’ తినేశాయి. ఆమె ఏ ఉద్యోగానికి రాసిందో, ఏం చేయగలదో పైకి ఒక్క ముక్క కనబడదు. సబ్జెక్టు చూస్తే ‘అప్లికేషన్ ఫర్ జాబ్’. ఆ ఇన్‌బాక్స్‌కి వచ్చేవన్నీ ఉద్యోగ దరఖాస్తులే కదా!

అలాగని ఈ మాటలను కొట్టేసి వాటి స్థానంలో కొత్తవి పెడితే పని జరగదు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ‘కీన్ ఇంట్రెస్ట్’ పాతబడిందని ‘ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ ఫైనాన్స్’ అంటారు. ‘హార్డ్‌వర్కింగ్’ బాగాలేదని ‘రిజల్ట్స్ డ్రివెన్’ అని రాస్తారు. రంగు మారింది గానీ డబ్బా ఖాళీగానే ఉంది. అరువు మాట దొర్లిన ప్రతిచోటా అసలు చెప్పాల్సిన సంగతి ఒకటి చెప్పకుండా దాటేసి ఉంటారు. దాన్ని బయటికి లాగడమే దిద్దుబాటు.

‘హార్డ్‌వర్కింగ్’ అన్న మాట దగ్గర ఆగి, ‘ఎక్కడ, ఏం పని చేశావు?’ అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర మంచి సమాధానమే ఉంది. ఊళ్లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఎనిమిది నెలలుగా సాయంత్రాలు పనిచేస్తోంది. ఏం చేస్తుందంటే, ప్రతినెలా 14 దుకాణాల కొనుగోలు బిల్లుల జాబితాను జీఎస్టీ పోర్టల్లో వచ్చే జీఎస్‌టీఆర్-2బితో సరిచూస్తుంది. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపిన బిల్లులన్నీ కొన్నవాళ్లకు ఈ 2బిలో కనిపిస్తాయి. అందులో లేని బిల్లు మీద కట్టిన పన్నును ఆ నెల ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తీసుకోవడానికి లేదు. ఈ 2బి నెలనెలా రిటర్నులు వేసేవారికి మరుసటి నెల 14న తయారవుతుంది. జీఎస్‌టీఆర్-3బి రిటర్ను గడువు సాధారణంగా 20వ తేదీ. అంటే 14 దుకాణాల లెక్కలు తేల్చడానికి దొరికేది ఆ మధ్యనున్న వారంలోపు రోజులే.

తేడాలు ఎందుకొస్తాయో కూడా ఆమె చెప్పగలదు. కొన్నిసార్లు సప్లయర్ రిటర్ను ఆలస్యంగా వేస్తాడు. కొన్నిసార్లు బిల్లు నంబరులో ఒక గీతో సున్నానో తేడా ఉంటుంది. పొరపాటున వేరే వ్యాపారి జీఎస్టీ నంబరు వేస్తే బిల్లు ఇంకెవరి ఖాతాలోకో పోతుంది. అలాంటివి ఏరి, సప్లయర్‌కి ఫోన్ చేసి సరిచేయించడం ఆమె పనే. ఇంత చేసిన మనిషి తన గురించి ‘డైనమిక్’ అని మాత్రమే రాసుకుంది!

‘ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’ దగ్గరా అదే ప్రశ్న వేయాలి. ఈ సంస్థకే ఎందుకు? ‘మీది గొప్ప సంస్థ’ అనే పొగడ్త దానికి జవాబు కాదు. ఆమె చూసే 14 దుకాణాల్లో రెండు మెడికల్ షాపులు. గడువు తీరిన మందులు డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి వెళ్తుంటాయి, వాటికి క్రెడిట్ నోట్లు వస్తుంటాయి, వాటిని లెక్కలో సర్దుకోవాలి. ఇప్పటిదాకా ఆ క్రెడిట్ నోట్లను షాపు వైపు నుంచి చూసింది. దరఖాస్తు చేస్తున్న సంస్థ వాటిని ఇచ్చే వైపు ఉంది. ఈ లంకె ఆమెకు తట్టకపోవడానికి కారణం ఒక్కటే, ‘ఎస్టీమ్డ్’ అనగానే ఆ వాక్యం పని పూర్తయినట్టు అనిపించింది.

ఇవన్నీ కాగితం మీద కాకుండా మాటల్లో ముందు బయటికి వస్తాయి. ఇంగ్లిష్‌లో మెయిల్ రాయాలని కూర్చోగానే చెయ్యి దానంతటదే బట్టీ వాక్యాల వైపు పోతుంది. అందుకని ముందు తెలిసినవాళ్లెవరికైనా ఫోన్ చేసి, ‘ఆ ఆఫీసులో నేను చేసే పని ఇదీ’ అని తెలుగులోనే రెండు నిమిషాలు చెప్పాలి. వాళ్లు మధ్యలో ‘అంటే?’ అని అడిగిన చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత చెప్పినదాన్ని తేలిక ఇంగ్లిష్‌లో, చిన్న వాక్యాల్లో రాసుకోవాలి. పెద్ద పదాలు అవసరం లేదు.

దిద్దాక ఆ అమ్మాయి మెయిల్ సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది. సబ్జెక్టు: ‘అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి, జీఎస్టీ రికన్సిలియేషన్‌లో 8 నెలల అనుభవం’.

‘డియర్ సర్ ఆర్ మేడమ్, మీ విజయవాడ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఎనిమిది నెలలుగా నరసరావుపేటలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పార్ట్‌టైమ్‌గా పనిచేస్తూ, ప్రతినెలా 14 దుకాణాల కొనుగోళ్లను జీఎస్‌టీఆర్-2బితో సరిచూస్తున్నాను. తేడా వచ్చిన బిల్లులను 20వ తేదీలోపు ఏరి, సప్లయర్లతో మాట్లాడి సరిచేయించడం నా బాధ్యత. వీటిలో రెండు మెడికల్ షాపులు కాబట్టి గడువు తీరిన మందుల క్రెడిట్ నోట్లు నాకు అలవాటే. బిల్లులు టాలీలో ఎక్కిస్తాను. 3బి రిటర్ను మాత్రం ఇంతవరకు నేను స్వయంగా ఫైల్ చేయలేదు, దానికి కావాల్సిన లెక్కలు సిద్ధం చేసి మా సీనియర్‌కి ఇస్తాను. వచ్చే నెల మొదటి తేదీ నుంచి చేరగలను. రెజ్యూమే జత చేశాను.’ కింద పేరు, ఫోన్ నంబరు.

ఇందులో అన్నిటికన్నా బలమైన వాక్యం 3బి తాను ఫైల్ చేయలేదని చెప్పినది. చాలామంది దాన్ని తీసేయమనే సలహా ఇస్తారు. ఉంచడమే మంచిది. చేసింది ఎంతో, చేయనిది ఎంతో హద్దు గీసి చెప్పేవాళ్ల మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది. పైగా ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఈ మెయిల్లోంచే పుడతాయి. ‘2బిలో బిల్లు కనబడకపోతే మొదట ఏం చూస్తారు?’ అని అడిగితే ఆమె తడుముకోదు. ‘మీరు డైనమిక్ అని ఎలా చెప్పగలరు?’ అని అడిగితే మాత్రం ఎవరైనా నీళ్లు నమలాల్సిందే. సరిగ్గా ఈ కారణం వల్లే లేని అంకెలు కల్పించకూడదు. 14 దుకాణాలను 40 చేస్తే ఆ అబద్ధం రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇప్పటిదాకా ఎక్కడా పనిచేయనివాళ్ల సంగతి? ఇంట్లో కిరాణా కొట్టుంటే సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసి ఉంటారు. కాలేజీ ఫెస్టులో చందాల ఖాతా రాసి ఉంటారు. ఇంజినీరింగ్ వాళ్లకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఉండనే ఉంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో తమ వంతు ఏదో, ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డారో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

మరీ అతికి పోయి అచ్చుమాటలన్నీ తీసేయనక్కర్లేదు. ‘డియర్’, ‘రిగార్డ్స్’, ‘రెజ్యూమే అటాచ్డ్’ లాంటివి గుమ్మం దగ్గర చెప్పులు విడవడం లాంటివి, ఎవరూ వాటిని లెక్కించరు కానీ లేకపోతే కనబడతాయి. ప్రకటనలో పేరు ఇచ్చి ఉంటే ‘సర్ ఆర్ మేడమ్’ బదులు ఆ పేరు రాయాలి. ‘ఒబీడియంట్లీ’ని మాత్రం బడిలోనే వదిలేయాలి, ఉద్యోగం అడిగేవాళ్లు ఇంకా ఎవరి శిష్యులూ కారు. సహజంగా ఉండాలని ‘హాయ్’ అంటూ జోకులు వేయడం, ఇంటి కష్టాలు ఏకరువు పెట్టడం ఇంకో రకం పొరపాటు. ఆఫీసులో ఎదురుగా కూర్చుని పెద్దవాళ్లతో ఎలా మాట్లాడతారో మెయిల్ గొంతు అలాగే ఉండాలి. పైకి చదివి చూసుకుంటే ఎక్కడ తేడా కొడుతుందో చెవికే తెలుస్తుంది.

కంటికి తెలిసే తేడా ఒకటి వేరే ఉంది. పాత ఫైలు నుంచి కాపీ చేసిన మెయిల్లో సంస్థ పేరు ఒక్కటే వేరే ఫాంటులోనో, వేరే సైజులోనో కనిపిస్తుంది. పంపినవాళ్లు గమనించరు, అందుకున్నవాళ్లకు మొదట కనిపించేది అదే. Ctrl+Shift+V తో పేస్టు చేస్తే అక్షరాలు మాత్రమే వస్తాయి, పాత ఫాంటు వెంట రాదు.

ప్రతి సంస్థకూ మెయిల్ మొత్తం మొదటినుంచీ రాయనవసరం లేదు. ఆ అమ్మాయి ఇంకోచోటికి రాస్తే తన పని చెప్పిన వాక్యాలు అలాగే ఉంటాయి. సబ్జెక్టు, మొదటి వాక్యం, ‘ఇక్కడికే ఎందుకు’ అని చెప్పే వాక్యం మారతాయి. సిమెంటు డీలరుకు రాసిన మెయిల్లో మందుల క్రెడిట్ నోట్ల ముచ్చట మిగిలిపోకూడదు కదా. సెండ్ నొక్కాక అలాంటిది కంటపడితే వెనక్కి తీసుకోవడానికి జీమెయిల్ మామూలుగా 5 సెకన్లే ఇస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఈరోజే 30 సెకన్లకు మార్చుకోండి.