కలలో తోట పూసిందా, చెట్టు ఎండిందా? ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి

"కలలో మా తులసి మొక్క ఎండిపోయింది, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అవుతుందా?" అని కంగారుపడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పూలతోట కనిపిస్తే మంచిది, ఎండిన చెట్టు కనిపిస్తే చెడు అని వెంటనే తేల్చేసుకుంటాం. శాస్త్రం అంత తొందరపడదు. ముందు ఆ కల ఎక్కడి నుంచి వచ్చిందో చూడమంటుంది.

చరకుడి ఏడు రకాలు

చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, శరీరంలోని దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితం ఉండదని ఆయనే చెప్పాడు. పగటి కలలదీ అదే సంగతి.

ఇప్పుడు మన తులసి కల తీసుకుందాం. నాలుగు రోజులుగా నీళ్లు పోయలేదు, సాయంత్రం ఆకులు వాడిపోవడం చూశారు, రాత్రి అదే కలలోకి వచ్చింది. అది 'చూసిన' కల. లేచి మొక్కకి నీళ్లు పోస్తే చాలు.

కొత్త కోర్సులో చేరిన వారానికే మొగ్గలు విచ్చుకుంటున్నట్టు కల వచ్చిందా? అది 'కోరుకున్న' కల. ప్రమోషన్ వస్తుందని అది చెప్పదు. ఎదగాలని మీరు ఎంత గట్టిగా కోరుకుంటున్నారో చెబుతుంది. తోట కలని ఎదుగుదలకి గుర్తుగా చూడటం ఇంతవరకే సబబు.

పెరిగే మొక్క ఎప్పుడూ శుభమేనా?

కాదు. పండ్ల చెట్టు ఎక్కినట్టు కల వస్తే ధనలాభం, రోగికైతే రోగం తగ్గడం అంటాడు సుశ్రుతుడు. కానీ గుండె మీద ముళ్ల తీగ మొలిచినట్టు కల వస్తే చరకుడు దాన్ని చెడు సూచనగా చెప్పాడు. అంటే పచ్చదనం ఒక్కటే చాలదు, ఆ మొక్క ఏది, ఎక్కడ మొలిచింది అన్నది కూడా చూడాలి.

భరతుడు చూసిన ఎండిన చెట్లు

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో, మేనమామ ఇంట్లో ఉన్న భరతుడికి తెల్లవారుజామున ఒక కల వస్తుంది. అందులో సముద్రం ఇంకిపోయింది, చెట్లు ఎండిపోయాయి, తండ్రి గాడిదల రథంలో దక్షిణ దిక్కుకి వెళ్లాడు. లేచాక గొంతు ఎండిపోతోందని, మనసు బాగాలేదని స్నేహితుడితో చెప్పాడు. అప్పటికే దశరథుడు కన్నుమూశాడు.

ఇక్కడ గమనించండి. భరతుడు ఎండిన చెట్లని మాత్రమే చూసి భయపడలేదు. ఎన్నో దుశ్శకునాలు ఒకే కలలో కలిసి వచ్చాయి. పైగా భయాన్ని లోపల దాచుకోకుండా చెప్పుకున్నాడు.

కాబట్టి ఒక్క ఎండిన మొక్కని చూసి మరణాన్ని ఊహించుకోవద్దు. అలాంటి కలలే పదే పదే వస్తూ, ఆకలి, నిద్ర కూడా తగ్గితే, అది చరకుడు చెప్పిన ఏడో రకం కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి. ఇంకో మాట, చెడు కల తర్వాత అదే రాత్రి మంచి కల వస్తే ఫలితం శుభమే అని కూడా చరకుడే చెప్పాడు.