జలుబు మాత్ర లోపల ఏముందో

అమ్మలూ,

పరీక్షల్లో లివర్ బాగానే ఉందని నీ మెసేజ్ చూశాకే నాకు అన్నం సహించింది. మొన్న ఫోన్‌లో కంగారులో నిన్ను ఆస్పత్రికి తరిమానే గానీ, ఎందుకో చెప్పనేలేదు. ముప్పై ఏళ్లు మందుల కౌంటర్ వెనక నిలబడ్డ పెద్దమ్మను, ఇప్పుడు నిదానంగా చెబుతాను.

ఆ రోజు నువ్వు వేసుకున్నవి మూడు రకాలు. జలుబుకని మెడికల్ షాపు అతను ఇచ్చిన మాత్ర మూడు పూటలా. జ్వరం తగ్గలేదని డోలో 650 నాలుగు. ఒళ్లు నొప్పులకని నీ రూమ్మేట్ ఇచ్చిన మాత్రలు రెండు. మూడు బాధలకు మూడు మందులు అనుకున్నావు. కానీ ఆ మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంది. నువ్వు పంపిన ఫోటోలు చూసి లెక్కేశాను. జలుబు మాత్రలో 500 మిల్లీగ్రాములు, మూడింటికి 1500. డోలోలో 650, నాలుగింటికి 2600. నొప్పి మాత్రలో 325, రెండింటికి 650. మొత్తం 4750. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 4000 దాటకూడదు. నీలా 45 కిలోలున్న వాళ్లకు హద్దు ఇంకా తక్కువ. పైగా రాత్రి జలుబు మాత్రా డోలో కలిపి మింగావు, ఒక్క గుక్కలో 1150. ఒకసారికి 1000 మించకూడదు, మళ్లీ వేసుకోవడానికి కనీసం నాలుగు గంటలైనా ఆగాలి.

జలుబు మాత్ర అంటే ఒక మందు కాదమ్మా. ముక్కు కారడం ఆపేది ఒకటి, ముక్కు దిబ్బడ తగ్గించేది ఒకటి, జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్, ఇవన్నీ కలిపి ఒక్క బిళ్లగా కొడతారు. అది వేసుకున్నప్పుడే జ్వరం మందు పడిపోయినట్టు. పైన డోలో వేస్తే అదే మందు రెండోసారి వేసినట్టు.

ఇక లివర్ మాట. పారాసిటమాల్‌లో చాలా భాగాన్ని అది ఇబ్బంది లేకుండా బయటికి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది, దాన్ని విరిచేందుకు గ్లూటాథయోన్ అనే పదార్థం లివర్‌లో నిల్వ ఉంటుంది. మోతాదు పెరిగితే ఆ నిల్వ అయిపోయి, మిగిలిన విషం లివర్ కణాలనే చంపుతుంది. తిండి లేనివాళ్లలో నిల్వ ముందే తగ్గిపోయి ఉంటుంది. నువ్వు రెండు రోజులు గంజి తప్ప ఏమీ తినలేదన్నావు చూడు, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. రోజూ తాగేవాళ్లకూ ఇదే ప్రమాదం.

“నాకేం కాలేదుగా పెద్దమ్మా, కాస్త వికారం అంతే” అన్నావు. మొదటి రోజు ఎవరికైనా అంతే ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. కుడి డొక్కలో పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం తర్వాతెప్పుడో వస్తాయి, అప్పటికి లివర్ దెబ్బతిని ఉంటుంది. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. ఎక్కువ మోతాదు పడిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా కాపాడుతుంది. ఆలస్యమైనా ఇస్తారు, కానీ ఆ భరోసా ఉండదు. అందుకే లక్షణాల కోసం చూడకుండా, స్ట్రిప్పులన్నీ పట్టుకుని వెళ్లమన్నాను. ఒక పూట ఒక మాత్ర ఎక్కువైందని అందరి లివరూ పాడవదు. కానీ రోజుల తరబడి ఇలా సాగితే అదీ మెల్లగా ముంచుతుంది.

స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఏ మందు ఎంతుందో రాసి ఉంటుంది. పేరు ఏదైనా, నువ్వు వెతకాల్సింది పారాసిటమాల్ అన్న మాట. చిక్కేమిటంటే షాపులో నాలుగు మాత్రలే అడిగితే కత్తిరించి ఇస్తారు, ఆ రాత అవతలి ముక్కలో ఉండిపోతుంది. కత్తిరించక ముందే ఫోటో తీసుకో. నొప్పి మాత్రల పేరు చివర ‘పి’ అని ఉంటే చాలాసార్లు అది పారాసిటమాలే, కానీ ఆ అక్షరం లేనంత మాత్రాన మందు లేదనుకోకు. నీ రూమ్మేట్ ఇచ్చిన దాని పేరులో ‘పి’ లేదు, మందు ఉంది.

ముక్కు కారడం ఒక్కటే ఉంటే జలుబు మాత్ర బదులు రాత్రికి ఒక సెట్రిజిన్ చాలు, అందులో పారాసిటమాల్ ఉండదు. నిద్ర వస్తుంది, స్కూటీ తీయకు. జ్వరమూ నొప్పులే ఉంటే ఉత్త పారాసిటమాల్ వేసుకో, జలుబు మాత్ర జోలికి పోకు. అన్నీ కలిసొస్తే జలుబు మాత్ర ఒక్కటే. దానితో జ్వరం దిగకపోతే డోలో తీయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు.

డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఈ ఉత్తరం ఫోటో తీసి పంపు. అక్కడ ఈ మందునే ఎసిటమినోఫెన్ అంటారు. మన దగ్గర్నుంచి డోలో పట్టుకెళ్లాడు కదా, అక్కడి జలుబు సిరప్ మీద పారాసిటమాల్ కోసం వెతికితే వాడికి ఆ పేరు కనబడదు.

నీ పెద్దమ్మ