మధ్యాహ్నం ఒక షిఫ్టు, రాత్రి ఒక షిఫ్టు: మధ్య విరామానికి డబ్బు ఉందా?

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఆర్టీసియా ఊళ్లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వెయిటర్. ఉదయం 11 నుంచి 2:30 వరకు, మళ్లీ సాయంత్రం 5:30 నుంచి రాత్రి 10 వరకు డ్యూటీ. మధ్య మూడు గంటలకు జీతం లేదు. ఇది న్యాయమేనా?

జవాబు: ఇలా డ్యూటీ వేయడం తప్పు కాదు. కానీ దానికి అదనంగా డబ్బు రావాల్సి ఉండవచ్చు. యజమాని తన అవసరం కోసం ఒకే రోజు పనిని రెండు ముక్కలు చేసి, మధ్యలో జీతం లేని విరామం పెడితే కాలిఫోర్నియాలో దాన్ని స్ప్లిట్ షిఫ్ట్ అంటారు. భోజన విరామం దీని కిందికి రాదు. అయితే విరామం గంట దాటితే దాన్ని మామూలు భోజన విరామంగా లేబర్ కమిషనర్ కార్యాలయం చూడదు. కాలేజీకి వెళ్లాలనో, ఇంట్లో పని ఉందనో మీ తమ్ముడే అడిగి ఆ విరామం తీసుకుంటే మాత్రం ఇది వర్తించదు. యజమాని ఇచ్చిన వసతిలో, పనిచేసే చోటే నివసించే వారికీ వర్తించదు.

రావాల్సింది కనీస వేతనం రేటున ఒక గంట జీతం. చాలామంది పొరబడేది ఇక్కడే. కనీస వేతనం కంటే ఎక్కువ తీసుకునే వారికి ఆ గంట మొత్తం కలవదు. 2012లో ఏర్‌టచ్ సెల్యులర్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆ రోజు పనిచేసిన గంటలకు ఒక గంట కలిపి, కనీస వేతనంతో గుణించాలి. చెల్లించిన జీతం అంతకంటే తక్కువైతే ఆ తేడా ఇస్తే చాలు.

మీ తమ్ముడి పని 8 గంటలు. 2026లో రాష్ట్ర కనీస వేతనం గంటకు 16.90 డాలర్లు. తొమ్మిది గంటల లెక్కన 152.10 డాలర్లు అవుతుంది. అతనికి గంటకు 17.50 డాలర్లు ఇస్తుంటే ఆ రోజు అందేది 140. అంటే ఇంకా 12.10 డాలర్లు బాకీ. సరిగ్గా 16.90 ఇస్తుంటే గంట జీతమంతా బాకీయే. గంటకు 20 డాలర్లు ఇస్తుంటే 160 అందుతోంది కాబట్టి బాకీ ఏమీ లేదు. టిప్పులను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. కాలిఫోర్నియాలో టిప్పు జీతం కిందికి రాదు. "టిప్పులతో కలిపి ఎక్కువే వస్తోందిగా" అని యజమాని అంటే ఆ మాట చెల్లదు.

మీ తమ్ముడి పే స్లిప్పు తీసి చూడమనండి. అందులో గంటల మొత్తం ఒక్కటే వేస్తే విరామం కనిపించదు. అందుకే ప్రతి రోజూ ఏ వేళకు వచ్చాడో, ఏ వేళకు వెళ్లాడో ఫోన్‌లో రాసుకోవాలి, డ్యూటీ చార్టు ఫొటో తీసి ఉంచుకోవాలి. ముందు యజమానిని రాతపూర్వకంగా అడగవచ్చు. ఇవ్వకపోతే లేబర్ కమిషనర్ దగ్గర వేతన ఫిర్యాదు వేయాలి. దానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, వీసా స్థితితో సంబంధం లేదు. ఫిర్యాదు చేశాడని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. మూడేళ్లు దాటిన బాకీ చేజారే ప్రమాదం ఉంది కాబట్టి ఆలస్యం చేయవద్దని మీ తమ్ముడికి చెప్పండి.