పరిశోధన ఫలితాలలో పి-విలువ: అది చెప్పేది, చెప్పనిది

క్షేత్ర ప్రయోగాల నివేదికలలో పట్టికల అడుగున పి-విలువ 0.05 కన్నా తక్కువ ఉంటే ఫలితం సార్థకమనీ, ఎక్కువ ఉంటే సార్థకం కాదనీ వ్రాయడం పరిపాటి. ఆ ఒక్క మాట ఆధారంగానే ఒక ఎరువును రైతులకు సిఫారసు చేయడమో, విడిచిపెట్టడమో జరుగుతూ ఉంటుంది. అయితే ఆ సంఖ్య ఏ ప్రశ్నకు సమాధానమో స్పష్టంగా తెలియకపోతే సిఫారసు పొరపాటయ్యే అవకాశం ఉన్నది. ఒక చిన్న ప్రయోగాన్ని ఊహించుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

వరిలో జింకు సల్ఫేటు వేయడం వలన దిగుబడి పెరుగుతుందా అన్నది ప్రశ్న అనుకుందాం. పొలాన్ని ఆరు బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకులో పక్కపక్కన రెండు మడులు తీసుకున్నాము. ఏ మడికి జింకు వేయాలో ప్రతి బ్లాకులోనూ నాణెం ఎగురవేసి నిర్ణయించాము. కోత తరువాత జింకు వేసిన మడి దిగుబడి నుండి వేయని మడి దిగుబడిని తీసివేయగా, వరుసగా ఆరు బ్లాకులలో హెక్టారుకు 0.5, 1.0, 4.5, 2.0, 1.0, 3.0 క్వింటాళ్ళ తేడా వచ్చింది. మొత్తం 12, సగటు 2 క్వింటాళ్ళు.

ఇప్పుడు జింకుకు ఎట్టి ప్రభావమూ లేదని భావిద్దాం. దీనినే శూన్య పరికల్పన అంటారు. అది నిజమైతే, జింకు ఏ మడిలో పడినా ఆ మడుల దిగుబడి అదే ఉండేది. మొదటి బ్లాకులో నాణెం మరోవైపు పడి ఉంటే తేడా +0.5కు బదులు -0.5 అయ్యేది, అంతే. ఆరు బ్లాకులలో నాణెం పడగల విధానాలు 2×2×2×2×2×2, అనగా 64. ఇవన్నీ సమాన అవకాశం గలవే. వీటిలో మొత్తం తేడా 12 గానీ, వ్యతిరేక దిశలో -12 గానీ వచ్చేవి రెండే రెండు: అన్నీ ధనాత్మకమైనది, అన్నీ ఋణాత్మకమైనది. కనుక పి-విలువ 2/64, అంటే 0.031.

పి-విలువ చెప్పేది ఇంతే. ప్రభావమే లేకుంటే, ఇంత తేడా గానీ, ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ కేవలం మడుల కేటాయింపు వలన ఎంత తరచుగా వస్తుందో అది తెలుపుతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1925లో వెలువడిన తన గ్రంథంలో ఇరవైలో ఒకటి, అనగా 0.05ను అనుకూలమైన హద్దుగా ఆయన పేర్కొన్నాడు. అది సౌలభ్యం కొరకు ఎంచుకున్న హద్దే గాని ప్రకృతి నియమం కాదు. పైగా ఈ లెక్క అంతా యాదృచ్ఛిక కేటాయింపు మీద ఆధారపడి ఉన్నది. జింకును ఎప్పుడూ కాలువ వైపు మడికే వేసి ఉంటే, 0.031 అనే సంఖ్య వచ్చినా ఆ తేడా జింకుదో నీటిదో చెప్పలేము.

ఇక పి-విలువ చెప్పని విషయాలు చూద్దాం. మొదటిది, శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం ఎంత అన్నది. 0.031 వచ్చినది గనుక జింకు పనిచేయకపోవడానికి 3 శాతమే అవకాశం ఉన్నదని భావించడం తప్పు. ప్రభావం లేదని ముందే అనుకొని చేసిన లెక్క, ఆ అనుకోలు నిజమో కాదో శాతాలలో చెప్పజాలదు. ఒక కేంద్రంలో 200 కొత్త ద్రావణాలను పరీక్షించారనుకుందాం. వాటిలో నిజంగా పనిచేసేవి 20 మాత్రమే. ప్రయోగాలు చిన్నవి కావడం వలన ఆ ఇరవైలో సగం, అనగా 10 మాత్రమే సార్థకమని తేలాయి. పనిచేయని 180లో 5 శాతం, అనగా 9 యాదృచ్ఛికంగానే సార్థకమని తేలుతాయి. అప్పుడు సార్థకమని తేలిన 19లో 9, అంటే దాదాపు సగం, నిరుపయోగమైనవే. జింకు లోపం ఉన్నదని మట్టి పరీక్షలో ముందే తేలిన భూమిలో జింకుకు 0.03 రావడం, గుణం తెలియని ద్రావణానికి 0.03 రావడం ఒకటి కాకపోవడానికి కారణమిదే.

రెండవది, ప్రభావం ఎంత పెద్దదో పి-విలువ చెప్పదు. మన ప్రయోగంలో తేడాల ప్రామాణిక దోషం 0.62 క్వింటాళ్ళు. టి-పట్టికలో 5 స్వతంత్ర పరిమాణాలకు గల 2.571తో దీనిని గుణిస్తే సుమారు 1.6 వస్తుంది. కనుక సగటు పెరుగుదలకు 95 శాతం విశ్వసనీయతా అంతరం హెక్టారుకు 0.4 నుండి 3.6 క్వింటాళ్ళ వరకు ఉన్నది. జింకు ఖర్చు, కూలి కలిపి తిరిగి రావాలంటే హెక్టారుకు 1.5 క్వింటాళ్ళ అదనపు దిగుబడి కావాలనుకుందాం. ఈ అంతరంలో రైతుకు నష్టం కలిగించే విలువలూ ఉన్నాయి, లాభం కలిగించేవీ ఉన్నాయి. ఫలితం సార్థకమే, అయినా సిఫారసుకు ఈ ఒక్క ప్రయోగం చాలదు.

మూడవది, పి-విలువ 0.05 దాటినంత మాత్రాన ప్రభావం లేదని తేలినట్లు కాదు. ఇదే ప్రయోగాన్ని మొదటి నాలుగు బ్లాకులతోనే ముగించి ఉంటే తేడాలు 0.5, 1.0, 4.5, 2.0, సగటు అప్పుడూ 2 క్వింటాళ్ళే. కాని నాలుగు నాణేలు పడగల విధానాలు 16 మాత్రమే కనుక పి-విలువ 2/16, అంటే 0.125. ఈ లెక్కింపు పద్ధతిలో నాలుగు బ్లాకులతో ఇంతకన్నా తక్కువ పి-విలువ రావడం అసాధ్యం. జింకు దిగుబడిని రెట్టింపు చేసినా 0.125 దగ్గరే ఆగుతుంది. ఐదు బ్లాకులతోనూ 2/32, అనగా 0.0625 కన్నా దిగదు. టి-పరీక్షకు ఈ అడ్డు లేదు, కాని అది తేడాలు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తాయన్న అదనపు ఊహపై నిలుస్తుంది. ఆ పద్ధతిలో నాలుగు బ్లాకుల విశ్వసనీయతా అంతరం -0.8 నుండి 4.8 క్వింటాళ్ళ వరకు విస్తరిస్తుంది. ఇది ప్రభావం లేదనడానికి ఆధారం కాదు. ఉన్నదో లేదో తేల్చడానికి ప్రయోగం చాలలేదనడానికి ఆధారం. నివేదికలో దీనిని ప్రభావం లేదని వ్రాస్తే, ఉపయోగపడగల పద్ధతి ఒకటి అక్కడితో మరుగున పడవచ్చు.

కావున పట్టికలో సార్థకం, అసార్థకం అన్న గుర్తులతో సరిపెట్టుకోరాదు. సగటు తేడా, దాని ప్రామాణిక దోషం, విశ్వసనీయతా అంతరం, బ్లాకుల సంఖ్య, పి-విలువ పూర్తి అంకెలలో ఇవ్వాలి. రైతుకు ఖర్చు రాబట్టే కనీస తేడా ఎంతో ప్రయోగం ఆరంభించకముందే వ్రాసి పెట్టుకోవాలి. విశ్వసనీయతా అంతరం మొత్తం ఆ తేడాకు పైన ఉంటే సిఫారసు గురించి ఆలోచించవచ్చు. మొత్తం దిగువన ఉంటే ఆ పద్ధతిని విడిచిపెట్టవచ్చు. మన జింకు ప్రయోగంలో వలె ఆ తేడా అంతరం నడుమ పడితే, మరిన్ని బ్లాకులతో, మరొక ప్రదేశంలో, మరొక పంట కాలంలో ప్రయోగాన్ని మళ్ళీ చేయవలసి ఉంటుంది.